కమిషన్ ఉత్తర్వు అమలు చేయనందుకు ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

మీ ఫ్రిజ్ ఎలా పాడైందో మళ్ళీ చెప్పను. ఆ వాదన గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందే తేలిపోయింది. రూ.32,000 వాపసు ఇవ్వాలని, ఫిర్యాదు వేసిన తేదీ నుంచి 9 శాతం వడ్డీ కట్టాలని, పరిహారం, ఖర్చుల కింద మరో రూ.15,000 చెల్లించాలని, ఇదంతా 45 రోజుల్లో జరగాలని ఉత్తర్వులో రాసి ఉంది. గడువు దాటిపోయింది. నా కోపం డబ్బు రానందుకు కాదు, ఉత్తర్వే లేనట్టు మీవాళ్ళు నాతో మాట్లాడినందుకు.

సర్టిఫైడ్ కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, మీ ఆఫీసు ముద్రతో రసీదు తిరిగొచ్చింది. అయినా కస్టమర్ కేర్ అమ్మాయి ఫ్రిజ్ సీరియల్ నంబర్ అడిగి, టెక్నీషియన్‌ను పంపిస్తానంది. తీర్పు వచ్చిందమ్మా అని చెబితే హోల్డ్‌లో పెట్టింది. సాయంత్రానికి ఫోన్‌కి మెసేజ్: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.’ ఎవరు పరిష్కరించారు? లీగల్ విభాగాన్ని అడగమన్నారు. వాళ్ళేమో బ్రాంచిని అడగమన్నారు. బ్రాంచి మేనేజర్ కూర్చోమని కూడా అనకుండా ‘అప్పీలు వేశాం, అయిపోయింది’ అన్నారు. అప్పీలు నంబరు అడిగితే చెప్పలేదు, స్టే కాపీ చూపించలేదు. రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు వేయాలంటే మీరు కట్టాల్సిన మొత్తంలో సగం ముందు డిపాజిట్ చేయాలి. వేసినా, స్టే రానంతవరకు ఉత్తర్వు అమల్లోనే ఉంటుంది. ఇది మీ లాయరుకు తెలియదా?

మా ఇంట్లో టీవీ, వాషింగ్ మెషిన్ మీవే. చెల్లి పెళ్ళికి సారె సామాను కూడా మీ షోరూంలోనే కొన్నాం. ఆ నమ్మకానికి మీరిచ్చిన విలువ ఇదా?

అమలు కోరుతూ అర్జీ సిద్ధం చేసుకున్నాను. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, పోస్టు రసీదు, బాకీ లెక్క, అఫిడవిట్ అన్నీ జత చేశాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 71వ సెక్షన్ కింద కమిషన్ తన ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేయిస్తుంది. మీ బ్యాంకు ఖాతా జప్తు చేయమని అందులో అడుగుతున్నాను. 72వ సెక్షన్ కింద వేరే అర్జీ వేస్తున్నాను. అది డబ్బు వసూలు కోసం కాదు, ధిక్కారానికి శిక్ష కోసం. నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా రూ.25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అందులో కంపెనీ పేరుతో పాటు బాధ్యులైన అధికారుల పేర్లూ రాస్తున్నాను. సమన్లకు రాకపోతే వారెంటు అడుగుతాను.

వడ్డీ నెలకు రూ.240 చొప్పున పెరుగుతూనే ఉంది. వోచర్ ఇస్తాం, రాజీ పత్రం మీద సంతకం పెట్టండి అని ఇంకెవరూ ఫోన్ చేయొద్దు. చెల్లించే రోజు వరకు వడ్డీ కలిపి నా పేరు మీద డీడీ తీయండి, లేదా కమిషన్‌లో జమ చేసి ఆ రసీదు నాకు పంపండి. వచ్చే సోమవారంలోగా ఆ రెండింట్లో ఏదీ జరగకపోతే రెండు అర్జీలూ దాఖలు చేస్తాను.

ఇట్లు,
ఫిర్యాదుదారు