జడ్జి అన్న మాట, కోర్టు ఇచ్చిన ఉత్తర్వు

సంపాదకుడికి,

నమస్కారం. పోయిన వారం మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు, నడుస్తున్న కేసుల గురించీ బెంచి మీద జడ్జీలు చేసే వ్యాఖ్యల గురించీ పత్రికలు రాయడమే కోర్టు ధిక్కారమనీ, వెంటనే మానేయాలనీ రాశారు. జిల్లా కోర్టులో పనిచేసి రిటైరైనవాడిని కాబట్టి, అది సరికాదని చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అలాగని ఆయనకు కోపం ఊరికే రాలేదు. మీ హెడ్డింగులు చూస్తే నాకూ ఒక్కోసారి వస్తుంది.

ముందు చట్టం సంగతి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 4వ సెక్షన్ ప్రకారం కోర్టులో జరిగినదాన్ని న్యాయంగా, ఉన్నది ఉన్నట్టు రాస్తే అది ధిక్కారం కాదు. కేసు ఇంకా తేలకపోయినా సరే. తలుపులు మూసి జరిపే విచారణలకు మాత్రం 7వ సెక్షన్ కింద వేరే పరిమితులున్నాయి. అత్యాచార కేసుల్లో బాధితురాలిని గుర్తుపట్టేలా రాయడం ధిక్కారం మాట అటుంచి, అదే విడిగా నేరం. తక్కిన బహిరంగ విచారణల్లో విలేకరికి ఉన్న రక్షణ అంతా ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న ఆ షరతు మీదే నిలబడి ఉంది. తప్పులు దొర్లేదీ అక్కడే.

2021 ఏప్రిల్ 26న మద్రాసు హైకోర్టులో జరిగినది చూడండి. తమిళనాడు అసెంబ్లీ ఎన్నికల్లో కరూర్ నియోజకవర్గంలో 77 మంది పోటీలో ఉన్నారు. ఓట్ల లెక్కింపు రోజు కోవిడ్ జాగ్రత్తలు తీసుకునేలా చూడమని వారిలో ఒక అభ్యర్థి పిటిషన్ వేశారు. విచారణలో ధర్మాసనం ఎన్నికల సంఘం మీద మండిపడింది. రెండో వేవ్‌కు మీరే కారణం, మీ మీద హత్య కేసు పెట్టాలేమో అన్న అర్థంలో నోటితో వ్యాఖ్యానించింది. ఆ రోజు రాతపూర్వకంగా ఇచ్చిన ఉత్తర్వులో మాత్రం హత్య మాటే లేదు. లెక్కింపు రోజు ఏర్పాట్లు ఎలా చేస్తారో 30వ తేదీలోగా చెప్పమని ఉంది, అంతే.

నోటిమాటలను మీడియా రాయకుండా ఆపాలని ఎన్నికల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మే 6న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ షా ధర్మాసనం కుదరదని చెప్పింది. హైకోర్టు వాడిన పోలిక కఠినంగా, అనుచితంగా ఉందని ఒప్పుకుంది. జడ్జీలు మాట తూచి వాడాలని కూడా హితవు చెప్పింది. కానీ ఆ వ్యాఖ్యలు రికార్డులోకి ఎక్కలేదు కాబట్టి వాటిని తొలగించే ప్రశ్నే రాదని, బహిరంగ కోర్టులో జరిగిన సంభాషణను రాయడం పత్రికా స్వేచ్ఛలో భాగమని తేల్చింది. పోయిన వారం లేఖ రాసిన పాఠకుడికి సూటి జవాబు ఇదే.

ఇక మన వంతు. ఆ రోజు వార్తను ‘హత్య కేసు పెట్టాలేమోనని విచారణలో జడ్జి వ్యాఖ్య’ అని రాస్తే 4వ సెక్షన్ కాపాడుతుంది. ‘హత్య కేసు పెట్టాలని హైకోర్టు ఆదేశం’ అని రాస్తే జరగనిది రాసినట్టు. మన పత్రికల్లో ‘హైకోర్టు మొట్టికాయలు’, ‘అక్షింతలు’, ‘సీరియస్’ అన్న మాటలు లేని రోజు ఉండదు. వాటితో నాకు పేచీ లేదు, చదవడానికి బాగానే ఉంటాయి. కానీ లాయర్ చేత జవాబు రాబట్టడానికి జడ్జి వేసే ప్రశ్న వేరు, కోర్టు నిర్ణయం వేరు. పొద్దున ఒక పక్షాన్ని కడిగేసిన జడ్జి సాయంత్రం అదే పక్షానికి అనుకూలంగా ఉత్తర్వు ఇవ్వడం నేను చూసినదే. పొద్దుటి మాట మొదటి పేజీలో, సాయంత్రం ఉత్తర్వు లోపలి పేజీలో వస్తే పాఠకుడికి ఏం అర్థమవుతుంది?

బెయిల్ వార్తల్లో ఈ పొరపాటు ఇంకా ఎక్కువ. బెయిల్ కొట్టేసేటప్పుడు కోర్టు ‘ప్రాథమికంగా ఆధారాలు కనిపిస్తున్నాయి’ అంటుంది. ఈ అభిప్రాయం బెయిల్ వరకే, అసలు విచారణ మీద దీని ప్రభావం ఉండకూడదని చాలా ఉత్తర్వుల చివర రాసి ఉంటుంది. పేపర్లో ఆ చివరి వాక్యం ఎగిరిపోయి ‘నేరం చేసినట్టు ఆధారాలున్నాయన్న హైకోర్టు’ మిగులుతుంది.

‘పోలీసుల ఎదుట నేరం ఒప్పుకున్న నిందితుడు’ అన్న హెడ్డింగుదీ ఇదే కథ. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని చట్టంలోనే ఉంది. కోర్టు చూడకూడని దాన్ని ఊరంతటికీ చూపిస్తున్నామన్నమాట. కోర్టు ధిక్కార చట్టం 3వ సెక్షన్ ప్రకారం క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉన్నట్టు లెక్క ఛార్జిషీటు వేసినప్పటి నుంచి, లేదా కోర్టు సమన్లో వారంటో జారీ చేసినప్పటి నుంచి. అందుకే అంతకు ముందు ఏం రాసినా ఫర్వాలేదని కొందరు విలేకరులు అనుకుంటారు. ఆ ధీమా వద్దు. దర్యాప్తు దశలో మీడియా జరిపే విచారణ కూడా న్యాయ పరిపాలనకు అడ్డు తగలగలదని బొంబాయి హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది. రాయకుండా ఉండాల్సిన వాటిలో ఇలాంటి ఒప్పుకోలు ప్రకటనలనూ చేర్చింది.

జడ్జిని విమర్శించడం సంగతికొస్తే, తేలిపోయిన కేసులో తీర్పు తప్పని వాదించడానికి 5వ సెక్షన్ చోటిచ్చింది. జడ్జికి దురుద్దేశం అంటగట్టడం దగ్గరే చిక్కు. ఆ గీత ఎక్కడుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. న్యాయవ్యవస్థ డబ్బున్నవాళ్ల వైపు మొగ్గుతుందన్న అర్థంలో మాట్లాడినందుకు అప్పటి కేరళ ముఖ్యమంత్రి ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌కు కేరళ హైకోర్టు వేసిన వెయ్యి రూపాయల జరిమానాను 1970లో సుప్రీంకోర్టు 50కి తగ్గించింది గానీ, ధిక్కారం కాదనలేదు. 1987లో మన హైదరాబాద్‌లోనే బార్ కౌన్సిల్ సభలో అప్పటి కేంద్ర న్యాయమంత్రి పి. శివశంకర్, వధువులను తగలబెట్టేవాళ్లకు, విదేశీ మారకద్రవ్య నేరగాళ్లకు సుప్రీంకోర్టు ఆశ్రయమైందన్నారు. అది ధిక్కారం కాదని మరుసటి ఏడాది అదే కోర్టు చెప్పింది. విలేకరికి నా సలహా ఒక్కటే. తీర్పులో ఏ పేరా ఎందుకు తప్పో రాయండి, జడ్జి అలా ఎందుకు రాశారో ఊహించకండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఎంత కచ్చితంగా రాసినా లాభం లేదు. ఫలానా విషయం ప్రచురించవద్దని కోర్టే ఉత్తర్వు ఇస్తే ఆగాల్సిందే, కాదంటే పైకోర్టుకు వెళ్లాలి. 2020 సెప్టెంబరులో అమరావతి భూముల ఎఫ్ఐఆర్ గురించి రాయొద్దని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధం మీద స్టే ఇచ్చింది. ఆ మధ్య కాలంలో ఉత్తర్వు తప్పని అనుకున్నవాళ్లు కూడా దాన్ని ఉల్లంఘించే హక్కు తమకుందని అనుకోకూడదు.

కాబట్టి మీ డెస్కుకు రెండు విన్నపాలు. జడ్జి నోటిమాట అయితే హెడ్డింగులోనే ‘విచారణలో వ్యాఖ్య’ అని పెట్టండి. ఉత్తర్వు హైకోర్టు వెబ్‌సైట్‌లోకి వచ్చాక అందులో ఏముందో, నిన్న రాసిన వ్యాఖ్య అందులో ఉందో లేదో, ఆ వార్త వచ్చిన పేజీలోనే నాలుగు లైన్లు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
రాజమహేంద్రవరం