ఫర్మెంటర్లకు పనికిరాని లెవెల్ మీటర్లు అమ్మి, ‘పరికరంలో లోపం లేదు’ అని నివేదిక ఇచ్చినందుకు ఫిర్యాదు

అమ్మకాల అనంతర సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: మా డిస్టిలరీ ఫర్మెంటర్లపై మీరు అమర్చిన అల్ట్రాసోనిక్ లెవెల్ ట్రాన్స్‌మీటర్లను వెనక్కి తీసుకోవాలని కోరడం గురించి.

ఆర్యా,

మీ సర్వీసు ఇంజినీరు ఇచ్చిన నివేదిక అందింది. ‘నీటిపై పరీక్షించాం, రీడింగ్ సరిగ్గా ఉంది, పరికరంలో లోపం లేదు’ అని రాసి, వారంటీ వర్తించదన్నారు. లోపం లేదన్న మాటతో మాకు పేచీ లేదు. ఆ పరికరం మా ఫర్మెంటర్‌కు తగదన్నదే మా ఫిర్యాదు. దానికి ఆ నివేదికలో ఒక్క వాక్యం కూడా జవాబు లేదు.

కొనేముందు మీరే పంపిన దరఖాస్తు పత్రంలో ద్రవం, పైనున్న వాయువు, నురగ అని మూడు గడులున్నాయి. మొలాసిస్ వాష్, కార్బన్ డయాక్సైడ్, ‘నురగ ఎక్కువ’ అని మేం స్పష్టంగా నింపాం. అది చదివిన వారెవరూ అల్ట్రాసోనిక్ మీటరును సూచించకూడదు. ఎందుకో వివరిస్తాను.

ఈ మీటరు శబ్దాన్ని కిందికి పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కిస్తుంది. ఆ లెక్కకు శబ్దవేగం తెలియాలి. మీ మీటరు తన లోపలి ఉష్ణోగ్రత సెన్సరును చూసుకుని, పైనున్నది గాలే అనుకుని వేగం నిర్ణయించుకుంటుంది. మా ఫర్మెంటర్‌లో ఉండే 33 డిగ్రీల దగ్గర గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 350 మీటర్లు, కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 270 మాత్రమే. ఈస్ట్ పని మొదలుపెట్టగానే ఆ వాయువు గాలిని బయటికి నెట్టి పైభాగమంతా ఆక్రమిస్తుంది. ప్రతిధ్వని ఆలస్యంగా వస్తుంది, ద్రవం ఇంకా దూరంలో ఉందని మీటరు అనుకుంటుంది. ‘ఉష్ణోగ్రత సవరణ ఉంది కదా’ అని మీ ఇంజినీరు పదే పదే అన్నారు. ఉష్ణోగ్రతకు సవరణ ఉంది, వాయువు మారితే లేదు.

ఒక రీడింగ్ చూడండి. సెన్సరు ముఖం అడుగు నుంచి 10 మీటర్ల ఎత్తున ఉంది. కిణ్వనం ముగింపుకొచ్చి నురగ చల్లారాక పక్కనున్న సైట్ గ్లాసులో వాష్ మట్టం 8 మీటర్లు, అంటే సెన్సరుకు దూరం 2 మీటర్లు. మీ మీటరు చూపిన దూరం 2.56. అంటే తెర మీద మట్టం 7.44 మీటర్లు, ఉన్నదాని కంటే 56 సెంటీమీటర్లు తక్కువ. పైన శుద్ధ కార్బన్ డయాక్సైడే ఉంటే లెక్క ప్రకారం దాదాపు 2.6 రావాలి. కాస్త తేమ, మిగిలిన గాలి ఉంటాయి కాబట్టి ఈ తేడా సహజమే.

మీ ఇంజినీరు దీనికి చేసిన చికిత్స ఇంకా విడ్డూరం. 56 సెంటీమీటర్లు ఆఫ్‌సెట్‌గా కలిపి, సరిపోయిందని సంతకం తీసుకున్నారు. ఈ పొరపాటు స్థిరమైనది కాదు, దూరాన్ని బట్టి మారుతుంది. ద్రవం ఒక మీటరు దూరంలో ఉంటే అందులో సగమే ఉంటుంది. కడిగి గాలి పట్టించిన ఫర్మెంటర్‌లో అసలే ఉండదు. అందుకే తర్వాతి బ్యాచ్ నింపడం మొదలుపెట్టగానే మీటరు ఉన్నదాని కంటే 56 సెంటీమీటర్లు ఎక్కువ చూపింది. ఆయన నీటిపై చేసిన పరీక్ష ఎందుకు నెగ్గిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ రోజు తొట్టిలో ఉన్నది గాలి.

ఇక నురగ. గోధుమరంగు తడి నురగ మందంగా లేచినప్పుడు శబ్దాన్ని మింగేస్తుంది, ప్రతిధ్వని రాదు. అప్పుడు ఏం చేయాలన్న సెట్టింగ్‌ను మీవాళ్లు ‘చివరి విలువను నిలిపి ఉంచు’ అని పెట్టారు. ట్రెండ్ గ్రాఫ్‌లో గీత ఒక్కసారిగా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా సాగింది. పొంగే వాష్ మట్టం ఎప్పుడూ అలా ఉండదు, కాస్తయినా వణుకుతుంది. కానీ రాత్రి షిఫ్టు ఆపరేటరుకు అది ప్రశాంతంగానే కనిపించింది. ఆ గీత వెనక నురగ పైకెక్కి, వాయువు బయటికి పోయే గొట్టం ద్వారా స్క్రబ్బర్‌లోకి వెళ్లింది. ప్రతిధ్వని పోతే అలారం మోగేలా పెట్టి ఉంటే యాంటీఫోమ్ వేసే సమయమైనా దొరికేది.

మీ అమ్మకాల ప్రతినిధి ఇప్పుడు మా ఖర్చుతో అడుగున, రెండు చోట్ల పీడనాల తేడాను కొలిచే డీపీ ట్రాన్స్‌మీటర్ ఒకటి పెట్టిస్తామంటున్నారు. దానికి శబ్దంతో పని లేదు, నురగనూ దాదాపు లెక్కచేయదు. అది తూచేది ద్రవం బరువునే. కానీ బరువును ఎత్తుగా మార్చాలంటే సాంద్రత తెలియాలి. చక్కెర ఆల్కహాలుగా మారేకొద్దీ మా వాష్ సాపేక్ష సాంద్రత 1.085 నుంచి 1.035కు దిగుతుంది. మొదటి విలువకు కాలిబ్రేట్ చేస్తే, చివర్లో నిజమైన 8 మీటర్లను అది 7.63గా చూపుతుంది. మళ్లీ తక్కువే. మీ కొటేషన్‌లో డీపీ రెండో వైపును, అంటే లో సైడును, బయటి గాలికి తెరిచి ఉంచారు. పైభాగం మూసి ఉండే ఫర్మెంటర్‌లో వాయుపీడనం కూడా మట్టంగా లెక్కలోకి వస్తుంది. లో సైడును ఉత్త గొట్టంతో పైభాగానికి కలిపితే ఆ గొట్టంలో ఆవిరి చల్లబడి నీరు చేరుతుంది, రీడింగ్ ఈసారి తగ్గుతుంది. అక్కడ ఆవిరిని లోపలికి రానివ్వకుండా పలుచని పొర ద్వారా పీడనాన్ని మాత్రమే అందించే డయాఫ్రమ్ సీళ్లు కావాలి.

రాడార్ మాటా ఎత్తారు. కార్బన్ డయాక్సైడ్ దాన్ని పట్టించుకోదగినంతగా కదిలించదు, ఆ మేరకు అల్ట్రాసోనిక్ కంటే ఎన్నో రెట్లు నయం. పొడిగా, పెద్ద బుడగలతో ఉండే నురగను దాటుతుంది కూడా. మాది అలాంటిది కాదు. తడి నురగ ఒకసారి తరంగాన్ని పీల్చేస్తుంది, మరోసారి తన పైభాగం నుంచే తిప్పికొడుతుంది. ఏ క్షణంలో ఏది చూస్తున్నామో తెలియదు. ఫ్లోటుకు సాంద్రత మార్పు పెద్ద లెక్క కాదు, కాస్త మునుగుతుంది, అంతే. కానీ నురగ గుండా కిందికి దిగిపోతుంది, మొలాసిస్ మడ్డి అంటుకుంటే కదలదు.

కాబట్టి మేం కోరుతున్నది ఇది. అల్ట్రాసోనిక్ మీటర్లను పూర్తి ధరకు వెనక్కి తీసుకోండి. వాటి స్థానంలో పైకీ కిందికీ డయాఫ్రమ్ సీళ్లున్న డీపీ ట్రాన్స్‌మీటర్, దానికి తోడు గోడకు నిలువుగా 2 మీటర్ల ఎడంలో సాంద్రత కోసం మరో డీపీ ఇవ్వండి. ఆ రెండు చోట్ల మధ్య పీడనం తేడా 2.07 మీటర్ల నీటి మట్టమైతే సాంద్రత 1.035 అని వెంటనే తెలుస్తుంది, దాంతో మట్టాన్ని సవరించుకుంటాం. ఇది పనిచేయాలంటే రెండు ట్యాపింగులూ వాష్‌లో మునిగి ఉండాలి, కనుక అవి బాగా దిగువన రావాలి. నురగ పని దీనికి అప్పజెప్పవద్దు. వాయువు బయటికి పోయే గొట్టం కిందే నురగ తగిలితే వాహకతతో గుర్తించే ప్రోబ్ పెట్టి, యాంటీఫోమ్ పంపుకు నేరుగా కలపండి.

సర్వీసు ఇంజినీరు రాకపోకల బిల్లును మేం చెల్లించం. ఆఫ్‌సెట్‌ను మేమే తీసేశాం, ప్రతిధ్వని పోతే అలారం వచ్చేలా సెట్టింగ్ మార్చాం. సైట్ గ్లాసు రీడింగులు, ట్రెండ్ గ్రాఫ్, మేం నింపిన దరఖాస్తు పత్రం నకలు జతచేశాం. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే మిగిలిన చెల్లింపు నిలిపివేస్తాం.

ఇట్లు,
ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం అధిపతి