పేరు అదే, పట్టీ అదే, చెప్పు మాత్రం అది కాదు

కస్టమర్ కేర్ వారికి,

మా అమ్మ కోసం పోయిన నెల మీ సైట్‌లో 1,299 రూపాయలు పెట్టి ఒక జత చెప్పులు కొన్నాను. వాడిన చెప్పులు వెనక్కి తీసుకోలేమని మీవాళ్లు రెండుసార్లు ఒకే మెసేజ్ పంపారు. వాడకుండా మడమ నొప్పి వస్తుందో రాదో ఎలా తెలుస్తుందండీ? అందుకే మొత్తం రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

అమ్మకి పొద్దున్న మంచం దిగగానే మడమలో సూది గుచ్చినట్టు ఉంటుంది. నాలుగేళ్ల క్రితం విజయవాడలో ఒక షాపులో కొన్న చెప్పులతో ఆ బాధ బాగా తగ్గింది. అవి అరిగిపోయాయి, అలాంటివే కావాలంది. తీరా చూస్తే డబ్బా లేదు, షాపు మూసేశారు, మడమ దగ్గర అచ్చేసిన పేరు ఎప్పుడో చెరిగిపోయింది. పట్టీ ఫోటో పెట్టి నెట్‌లో వెతికితే అలాంటివే ఇరవై దాకా వచ్చాయి. పట్టీని ఎవరైనా కాపీ కొడతారు, కత్తిరించి కుట్టుకుంటే చాలు కదా.

దారి చూపించింది మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన. పట్టీ కొసలు పట్టుకుని లాగి చూసి, "ఇది అతికించింది కాదు బాబూ, పట్టీ లోపల పెట్టి అడుగు పోసేశారు" అన్నాడు. అంటే రెడీమేడ్ అడుగు కొని అతికించింది కాదు. రెడీమేడ్ అడుగైతే ఒకటే పది పేర్ల మీద దొరుకుతుంది కాబట్టి దాన్ని చూసి కంపెనీ చెప్పలేం. ఇలా పోసిన వాటికి ఎక్కువగా కంపెనీ సొంత అచ్చే ఉంటుందట. తిరగేసి చూడమన్నాడు. ముందు, మడమ కింద అంతా నున్నగా అరిగిపోయింది కానీ మధ్యలో అరికాలి వంపు కింద నేలకి తగలని చోట అచ్చు గుర్తులు అలాగే ఉన్నాయి. పాత బ్రష్‌తో రుద్దితే 6 నంబరు, సగం లోగో, గడియారంలా ఒక చిన్న గుండ్రం కనిపించాయి. గుండ్రం చుట్టూ 1 నుంచి 12, మధ్యలో 21, బాణం 8 మీద. 2021 ఆగస్టు అన్నమాట. ఆ సగం లోగో, వంపు పక్కన అలల్లాంటి గీతలు, పైన పాదం ఆనే చోట నువ్వు గింజంత చుక్కలు, మూడూ కలిపి చూస్తే మీ మోడలే అని తేలింది. సంతోషంగా ఆర్డర్ పెట్టేశాను.

వచ్చిన జతలో పట్టీ, రంగు, పేరు అన్నీ అవే, అడుగే మారిపోయింది. మడమ గుంట మీద అడ్డంగా ఒక స్కేలు, నిలువుగా ఒక స్కేలు పెట్టి కొలిస్తే నాలుగేళ్లు తొక్కిన పాతదాంట్లో 12 మి.మీ. లోతుంది, కొత్తదాంట్లో 5. వంటింటి కాటా మీద పాత చెప్పు ఒక్కోటి 210 గ్రాములు, కొత్తది 150. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే పాతది నెమ్మదిగా పైకి లేస్తుంది, కొత్తది వారానికే మడమ దగ్గర గుంట పడి అలాగే ఉండిపోయింది. తేలికైన ఫోమ్ వేసినట్టున్నారు, వేసుకోండి, కానీ పాత పేరుతో ఎందుకు?

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది పక్క పట్టీ. అది అడుగులోకి దిగే చోటు సుమారు సెంటీమీటరు ముందుకి జరిగింది. ఫోటోలో అస్సలు తెలియదు. కానీ నడిస్తే మడమ వెనక్కి జారుతుంది, జారకుండా అమ్మ వేళ్లు ముడిచి చెప్పుని పట్టుకుంటోంది, సాయంత్రానికి పిక్కలు లాగేస్తున్నాయంటుంది. ఎనిమిదో రోజుకి మడమ నొప్పి కూడా మళ్లీ మొదలైంది.

చివరికి పాత చెప్పు సంచిలో వేసుకుని, పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయని సాయంత్రం పూట అమ్మని బీసెంట్ రోడ్డుకి తీసుకెళ్లాను. పట్టీలు చూడటం మానేసి పాతదాని పక్కన పెట్టి గుంట లోతు, పట్టీ దిగే చోటు మాత్రమే చూశాం, వంచితే వేళ్ల మొదట్లో వంగాలి కానీ మధ్యలో విరిగినట్టు వంగకూడదని కూడా చూశాం. మూడో షాపులో 899కి వేరే కంపెనీది దొరికింది. చూడ్డానికి పాతదానికి ఎక్కడా పోలిక లేదు, అమ్మ మాత్రం షాపులో నాలుగు చక్కర్లు కొట్టి "ఇదేరా" అంది.

కాబట్టి నా 1,299 వెనక్కి ఇవ్వండి. అడుగు మారినప్పుడు పేరు మార్చండి, లేదా కనీసం అడుగు ఫోటో, గుంట లోతు సైట్‌లో పెట్టండి. పాత అచ్చుతో ఇంకా ఏ మోడలైనా చేస్తుంటే దాని పేరు చెప్పండి, కొంటాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను.

రెండు జతల అడుగుల ఫోటోలు, స్కేలు పెట్టి తీసినవి, బిల్లు పంపుతున్నాను. కొత్త జత ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి. పాతది మాత్రం అడగొద్దు, అమ్మ ఇంట్లో ఇంకా అదే వేసుకుంటోంది.

ఇట్లు,
మీ పాత కస్టమర్ కొడుకు