కస్టమర్ వీడియో అప్పజెప్పిన పాఠంలా ఉంది, మళ్లీ తీయండి

ప్రొడక్షన్ మేనేజర్ గారికి,

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే ఒక కస్టమర్‌తో మీరు తీసిచ్చిన 90 సెకన్ల వీడియో చూశాం. లైటింగ్, సౌండ్ బాగానే ఉన్నాయి. మాట్లాడుతున్నది మాత్రం ఆవిడ కాదు, మీ స్క్రిప్టు. ఈ వీడియో మేం వాడుకోలేం.

షూటింగ్‌కు ముందు ఆవిడతో ఫోన్లో 20 నిమిషాలు మాట్లాడి, ఆ రికార్డింగ్ మీకు పంపాను. అందులో ఆవిడ అన్నది ఇది: "నెలాఖరు వస్తే రాత్రి పదకొండు దాకా బిల్లులు సరిచూసుకుంటూ కూర్చునేదాన్ని. మా అమ్మాయి వచ్చి లైటు ఆపేసేది." మీ స్క్రిప్టులో అది "ఈ సాఫ్ట్‌వేర్ మా వ్యాపార సామర్థ్యాన్ని గణనీయంగా పెంచింది" అని మారింది. ఇంట్లో ఎవరైనా 'గణనీయంగా' అంటారా? (ఆఫీసులో నేనూ అనను.) పైగా ప్రాంప్టర్ పెట్టారు. కెమెరా మరీ దగ్గరగా ఉండి, అక్షరాల వరుసలు వెడల్పుగా ఉండటంతో కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం తెలిసిపోతోంది. 22వ సెకను దగ్గర చూడండి. ఆ 'గణనీయంగా' ముందు ఆగి, గుటక మింగి, మళ్లీ అందుకున్నారు. తొమ్మిది టేకులు తీశారు. టేకు టేకుకీ ఆవిడ గొంతులో జీవం తగ్గింది.

స్క్రిప్టు లేకపోతే కస్టమర్ ఎటో వెళ్లిపోతారని మీ డైరెక్టర్ గారు అన్నారు. నిజమే. అందుకు రాసుకోవాల్సింది ప్రశ్నలు, జవాబులు కాదు. "మా సాఫ్ట్‌వేర్ ఎలా ఉంది?" అంటే "చాలా బాగుంది" తప్ప ఏం వస్తుంది? "కొనేముందు ఏం భయం వేసింది?" అని అడిగి ఉంటే, నాతో చెప్పినట్టే "పాత లెక్కలన్నీ పోతాయేమోనని రెండు నెలలు దాని జోలికే పోలేదు" అనేవారు. చూసేవాళ్లకూ ఉండేది ఆ భయమే కాబట్టి, తర్వాత ఆవిడ మెచ్చుకున్నా నమ్ముతారు. అడిగే మనిషి లెన్సు పక్కనే కూర్చోవాలి. జవాబు అయ్యాక మూడు నాలుగు సెకన్లు ఏమీ అనకుండా ఉండాలి, అసలు మాట చాలాసార్లు అప్పుడే వస్తుంది.

ముందుగా మీరు తీసిన మొత్తం ఫుటేజ్ పంపండి. టేకుల మధ్య మైకు సర్దుకుంటూ, వాళ్లమ్మాయి లైటు ఆపేసే సంగతే ఆవిడ మీ అసిస్టెంట్‌కు నవ్వుతూ చెప్పారు. కెమెరా ఆన్‌లో ఉండి ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే అదనపు చార్జీ లేకుండా మళ్లీ తీయాలి. ఎడిటింగ్‌లో "అదీ... ఏంటంటే" లాంటివి కొన్ని ఉండనివ్వండి. కట్ పడిన చోట ఆవిడ పని చేసుకుంటున్న షాట్ వేయండి. రెండు జవాబుల ముక్కలు అతికించి ఆవిడ అనని మాట పుట్టించొద్దు. ఫైనల్ కాపీ ముందు ఆవిడకే చూపించాలి.

మళ్లీ కూర్చోవడానికి ఆవిడ ఒప్పుకున్నారు, చదవడానికి ఏమీ ఇవ్వకూడదన్న షరతు మీద. వారంలోగా తేదీ చెప్పండి.

ఇట్లు,
మార్కెటింగ్ బాధ్యురాలు