తేదీ చూస్తే సరిపోదు, ఫ్రిజ్ కూడా చూడాలి: ఒడిశా ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను పర్లాకిమిడి వాసిని. పాల చిల్లింగ్ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మా గజపతి జిల్లాలోనూ, పక్కనున్న రాయగడ, గంజాం జిల్లాల్లోనూ కిరాణా షాపుల తనిఖీ జరిగే తీరు మారాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను చూసినంతలో తనిఖీ అంటే పాకెట్ తిప్పి తేదీ చూడటమే. తేదీ దాటితే పక్కన పడేస్తారు, దాటకపోతే మళ్ళీ అరలో పెట్టేస్తారు. జనం ఇళ్ళలో చేసేదీ అదే. దీనివల్ల తినదగిన రవ్వ చెత్తకుప్పలోకి పోతోంది, తినకూడని పనీరు కూరలోకి వస్తోంది.

పాకెట్ల మీద రెండు రకాల తేదీలు ఉంటాయి. ‘బెస్ట్ బిఫోర్’ అన్నది నాణ్యతకు సంబంధించిన తేదీ. అప్పటిదాకా రుచి, కరకర, వాసన కంపెనీ చెప్పినట్టే ఉంటాయని దాని అర్థం. అది దాటాక కూడా ఆహారం తినడానికి పనికిరావచ్చని లేబెలింగ్ నిబంధనల్లోనే ఉంది. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అలా కాదు. ఆ తేదీ దాటాక ఆ సరుకు అమ్మకూడదు. పాలు, పనీరు, మాంసం లాంటి వాటి మీద ఈ తేదీని ఖచ్చితంగా పాటించాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. 2020 నాటి లేబెలింగ్ నిబంధనల్లో యూజ్ బై లేదా ఎక్స్‌పైరీ తప్పనిసరి అయింది, బెస్ట్ బిఫోర్ వేయడం కంపెనీ ఇష్టం. కాబట్టి ఇప్పుడు బిస్కెట్ల మీదా, గోధుమ రవ్వ మీదా, పనీరు మీదా ఒకే మాట కనిపిస్తుంది. ఏది రుచి పోయే తేదీయో, ఏది ప్రాణం మీదికి వచ్చే తేదీయో లేబెల్ చెప్పదు. లోపల ఉన్న పదార్థాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి. ఈ నిబంధన కేంద్రం చేతిలోది, దాన్ని మీరు మార్చలేరని నాకు తెలుసు. నేను అడిగేది మీ చేతిలో ఉన్న దాని గురించే.

పనీరు సంగతే తీసుకోండి. 200 గ్రాముల పాకెట్ మీద యూజ్ బై తేదీ పక్కనే చిన్న అక్షరాల్లో ఇంత చల్లదనంలో ఉంచాలని ఒక షరతు ఉంటుంది. ఎక్కువగా నాలుగైదు డిగ్రీల లోపు అని రాస్తారు. ఆ షరతు నిలిచినంత కాలమే ఆ తేదీ చెల్లుతుంది. ఇక మా సందుల్లోని షాపుల్లో ఏం జరుగుతుందో చూడండి. రాత్రి పదింటికి షట్టర్ దించేటప్పుడు ఫ్రిజ్ స్విచ్ కూడా కట్టేస్తారు. ఎందుకని అడిగితే, ‘రాత్రిపూట ఎవరు కొంటారు మాస్టారూ, బిల్లు మీరు కడతారా?’ అంటాడు షాపతను. పొద్దున ఆరింటికి మళ్ళీ వేస్తాడు. తలుపు తీయకుండా ఉంచినా, కరెంటు పోయిన ఫ్రిజ్‌లో చల్లదనం దాదాపు నాలుగు గంటలు నిలుస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద అంత కూడా నిలవకపోవచ్చు. అంటే మిగతా నాలుగు గంటలూ ఆ పనీరు క్రిములు పెరగడానికి అనువైన వేడిలో ఉన్నట్టే. పాలు, పనీరు లాంటివి ఐదు డిగ్రీలు దాటిన చోట మొత్తం రెండు గంటలకు మించి ఉండకూడదు. ఉక్కపోతగా ఉండే రోజుల్లో ఒక గంటే లెక్క.

పొద్దున్నకి ఫ్రిజ్ మళ్ళీ చల్లబడుతుంది. పాకెట్ చేతికి చల్లగానే తగులుతుంది. తేదీకి ఇంకా ఐదు రోజులుంటుంది. కొన్నామె వాసన చూసి, బాగానే ఉందనుకుని వండుతుంది. వాసన వచ్చేలా పాడుచేసే క్రిములు వేరు, జబ్బు చేసేవి వేరు. మనుషుల చేతుల ద్వారా చేరే స్టెఫిలోకాకస్ అనే క్రిమి వదిలే విషం వేడికి పోదు, నూనెలో ఎర్రగా వేయించినా మిగులుతుంది. లిస్టీరియా అనే మరో క్రిమి ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, గర్భిణులకు అది చాలా ప్రమాదం. అందుకే యూజ్ బై నిజంగా వర్తించే వాటి విషయంలో ముక్కును నమ్మకూడదు. పాకెట్ ఉబ్బితే పారేయాలి, సరే. ఉబ్బకపోయినంత మాత్రాన మంచిదని కాదు. డబ్బాలో వచ్చే ఆహారం కూడా ఇంతే. డబ్బా ఉబ్బి ఉంటే రుచి కూడా చూడకూడదు.

బాగా పొడిగా ఉండే సరుకులకు లెక్క వేరు. గోధుమ రవ్వ పాకెట్ తేదీ దాటి నెలయిందనుకోండి. సీలు ఊడకుండా, గోడ చెమ్మ తగలకుండా ఉంటే దాన్ని వెంటనే పారేయక్కర్లేదు. వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పోసి వెలుతురులో చూడాలి. గూళ్ళు కట్టి ఉంటే, తడి ఉండలు కనిపిస్తే, ముక్కిన వాసన వస్తే పారేయాలి. అవేవీ లేకపోతే కాస్త వేయించి ఉప్మా చేసుకోవచ్చు, రుచి కొంచెం తగ్గవచ్చు. బిస్కెట్ మెత్తబడితే గాలి తగిలిందని అర్థం, దానంతట అదే విషం అయిపోదు. నూనె ఉన్నవి, అంటే మిక్చర్, జంతికల లాంటివి, పాత నూనె కంపు కొడితే మాత్రం వద్దు.

వేరుశనగపప్పు విషయంలో ఈ సడలింపు ఇవ్వను. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. పల్లీపట్టీ అయినా, పిల్లలకిచ్చే ఛతువా లాంటి పల్లీ కలిసిన పిండైనా బూజు కనబడితే, చేదు తగిలితే, తేదీ లోపున్నా పారేయాల్సిందే. బ్రెడ్ కూడా ఒక స్లైస్ మీద బూజు పడితే మొత్తం పాకెట్ తీసేయాలి. పాడైన ముక్క కోసేసి మిగతాది తినడం మన ఇళ్ళలో బాగా అలవాటు.

ఇక నేను కోరేది. లైసెన్సు నిబంధనల్లోని నాలుగో షెడ్యూల్ చల్లని ఆహారాన్ని ఐదు డిగ్రీలకు మించకుండా ఉంచమంటుంది. అంటే ఫ్రిజ్‌ను తనిఖీ చేయడానికి మీకు అధికారం ఇప్పటికే ఉంది. మా జిల్లాల్లోని ఆహార భద్రతా అధికారులకు గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్లు ఇప్పించండి. షాపు తెరవగానే, ఫ్రిజ్ ఇంకా పూర్తిగా చల్లబడకముందే వచ్చి చూడమనండి, మధ్యాహ్నం వస్తే ఏమీ దొరకదు. పాలు, పనీరు పెట్టే ఫ్రిజ్‌ను రాత్రంతా వేసి ఉంచాలనీ, బిల్లు భారమైతే ఆ సరుకు ఏ రోజుకారోజు అమ్మేసి రాత్రికి మిగలకుండా చూసుకోవాలనీ చిన్న షాపులకు ఒక నోటీసు ఇవ్వండి. ఆ నోటీసు ఒడియాతోపాటు తెలుగులోనూ ఉండాలి. సంతల్లో సగం ధరకు అమ్మే పాకెట్ల మీద తేదీ చెరిపి మళ్ళీ ముద్ర వేశారా అన్నది కూడా చూడమనండి. ముద్ర అలికినట్టుంటే, పాత అక్షరాల నీడ కనిపిస్తే, స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ ఉంటే ఆ సరుకు ఆపేయాలి.

ఫిబ్రవరి నుంచే ఇక్కడ ఎండలు మొదలవుతాయి. థర్మామీటర్లు అంతకు ముందే రావాలి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత డెయిరీ ఉద్యోగి