పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా మా అమ్మాయి క్యాంపుకి రాదు: జిల్లా కబడ్డీ కోచ్ గారికి బహిరంగ లేఖ

కోచ్ గారికి నమస్కారం.

మా అమ్మాయి మీ జట్టులో లెఫ్ట్ కార్నర్ ఆడుతుంది. మార్చి మధ్య నుంచి తనకి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. అవి పూర్తయ్యేదాకా మీ కోచింగ్ క్యాంపుకి రావడం కుదరదు. ఈ సంగతి హెడ్మాస్టర్ గారి సంతకంతో, హాల్ టికెట్ జిరాక్సు పెట్టి మీకు ఇదివరకే పంపాం. మీరు జవాబివ్వలేదు. వాట్సాప్ గ్రూపులో మాత్రం "క్యాంపుకి రానివాళ్ళ పేరు ఫైనల్ లిస్టులో ఉండదు" అని పెట్టారు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

సెలక్షన్స్ రోజు తల్లిదండ్రులందరి ముందూ మీరే చెప్పారు కదండీ, పదో తరగతి పిల్లలకి ఇబ్బంది లేకుండా క్యాంపు ఏప్రిల్‌లో పెడతామని. ఆ మాట నమ్మే సరేనన్నాం. ఇప్పుడు తేదీలు పరీక్షల రోజుల్లోకి జరిపారు. ఎందుకు జరిపారో ఒక్కరూ చెప్పరు.

"పరీక్షకీ పరీక్షకీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంటుందిగా, ఆ రోజు పంపండి" అని మీ అసిస్టెంట్ గారు ఫోన్లో అన్నారు. ఆ ఖాళీ రోజు ఎలా గడుస్తుందో చూడండి. సోమవారం లెక్కల పరీక్ష. 12.45కి బయటికొస్తుంది. ఇంటికొచ్చి అన్నం తినేసరికి రెండవుతుంది. మంగళవారం ఉదయం ఆరింటికి మీ గ్రౌండులో ఉండాలి. మా ఊరి నుంచి మొదటి బస్సు ఆ వేళకి అందదు కాబట్టి సోమవారం సాయంత్రమే బయల్దేరాలి. మంగళవారం సాయంత్రం సెషన్ అయ్యేసరికి ఏడు, ఇల్లు చేరేసరికి పది. బుధవారం 9.30కి ఫిజికల్ సైన్స్. ఇక పుస్తకం ఎప్పుడు తెరవాలి?

ఇంకొక భయం ఉంది, అది మీకు మాకంటే బాగా తెలుసు. కార్నర్ ఆడే పిల్ల పని రైడర్ మడమ పట్టుకుని ఆపడం. రైడర్ కాలు విదిల్చినప్పుడు ఆ ఊపంతా పట్టుకున్న వేళ్ళ మీదే పడుతుంది. పోయిన సీజన్లో మా అమ్మాయి కుడిచేతి ఉంగరపు వేలు అలాగే వాచింది. టేపు చుట్టుకుని ఆట ఆడింది, కానీ ఆ వారమంతా పెన్ను పట్టుకోలేక బడిలో నోట్సు పక్కమ్మాయి చేత రాయించుకుంది. అదే వాపు పరీక్షల మధ్యలో వస్తే నూరు మార్కుల పేపరు ఎవరు రాస్తారు?

"ఒక పేపరు పోతే సప్లిమెంటరీలో రాసుకోవచ్చు, పెద్ద ప్లేయర్లు అలాగే చేశారు" అని కూడా మీరు అన్నారట. 2018లో షూటర్ అనీశ్ భన్వాలా పరీక్షలు తప్పిపోతే సీబీఎస్‌ఈ విడిగా పెట్టింది, నిజమే. అతను కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన కుర్రాడు, వెళ్ళింది అంతర్జాతీయ పోటీలకి. మా అమ్మాయిది స్టేట్ బోర్డు. మీరు పిలుస్తున్నది పోటీకి కూడా కాదు, ప్రాక్టీసుకి. పేపరు తప్పితే మాకున్న దారి సప్లిమెంటరీ ఒక్కటే.

సప్లిమెంటరీలో పాసైతే ఏం పోతుందో చెప్తాను. నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు పోతుంది. అక్కడ విడిగా ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు, అదీ మొదటి ప్రయత్నంలో పాసైనవాళ్ళకే. ప్రభుత్వ బడిలో చదివే మా పిల్లకి ఆరేళ్ళ చదువు ఒక్కచోట దొరికే అవకాశం అది. స్పోర్ట్స్ కోటా ఉంది కదా అంటారేమో. ఆ కోటాకైనా ముందు పరీక్ష పాసవ్వాలి కదండీ!

కాంబినేషన్ దెబ్బతింటుందన్న మీ బాధ అర్థం చేసుకోగలను. కార్నర్, పక్కనున్న ఇన్ ప్లేయర్ ఒకే క్షణంలో కదలకపోతే చెయిన్ తెగిపోతుంది. కానీ లెఫ్ట్ ఇన్ ఆడే అమ్మాయి మా బడిలోనే తొమ్మిదో తరగతి. ఇద్దరూ రెండేళ్ళుగా కలిసి ఆడుతున్నారు. పీఈటీ మాస్టారు సాయంత్రం అరగంట, క్యాచింగ్ లేకుండా, ఫుట్‌వర్కూ పరుగూ చేయిస్తానని మాటిచ్చారు. ఫిట్‌నెస్ పోదు.

దయచేసి పేరు తీసేయకండి. ఆఖరిదైన సోషల్ పరీక్ష రాసిన మర్నాడే ఉదయం ఆరింటికి గ్రౌండులో దింపుతాను. ఆ రోజే పరుగు పెట్టించండి, రైడర్లని మీద వదలండి, పనికిరాదనిపిస్తే అప్పుడు తీసేయండి, మేం నోరెత్తం. రాష్ట్ర పోటీలు ఏప్రిల్ నెలాఖరుకి కదా, టైముంది. జట్టులో పదో తరగతి పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ళ ఇళ్ళలోనూ ఇదే టెన్షన్. పేరు పోతుందన్న భయంతో వాళ్ళు బయటికి చెప్పడం లేదు. వాళ్ళకి కూడా ఇదే వెసులుబాటు ఇవ్వండి. ఇస్తున్నట్టు గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి. హాల్ టికెట్ పుస్తకంలో పెట్టుకుని, మాటిమాటికీ ఫోన్లో ఆ లిస్టు చూసుకుంటోంది పిల్ల. మొదటి పరీక్షలోపు మీ జవాబు రావాలి.

ఇట్లు,
మీ జట్టు లెఫ్ట్ కార్నర్ తండ్రి