సీసా మీద ఏం రాయాలంటే

అమ్మా హారికా,

నువ్వు పంపిన వేరుశనగ నూనె సీసా చేరింది. నిన్న దాన్ని పట్టుకుని బజారుకు వెళ్లాను. కొట్టులో గానుగ నూనెల వరుసలో మరో ఆరు రకాలున్నాయి. నీ సీసాను వాటి పక్కన పెట్టి, ఒక్కొక్క పేరును బొటనవేలితో మూసి చదివాను. స్వచ్ఛం, సహజం, సంప్రదాయం, ఆరోగ్యానికి మేలు. పేరు మూస్తే ఏది నీదో నేనే పోల్చుకోలేకపోయాను. పైగా అందరితో పాటు నువ్వూ 'కొలెస్ట్రాల్ లేదు' అని వేయించావు. గింజల నూనె దేంట్లోనూ అది ఉండదు కదా తల్లీ!

సుమారు నూట పాతికేళ్ల కిందట అమెరికాలో బీరు కంపెనీలన్నీ ఇలాగే 'స్వచ్ఛం' అని పోటీపడి అరిచేవట. ష్లిట్జ్ అనే కంపెనీకి ప్రకటనలు రాయడానికి వచ్చిన క్లాడ్ హాప్కిన్స్ ముందు ఫ్యాక్టరీ అంతా తిరిగి చూశాడు. వడపోసిన గాలి నింపిన అద్దాల గదుల్లో బీరు చల్లారుతోంది. ఒక్కో సీసాను నాలుగుసార్లు కడుగుతున్నారు. పక్కనే సరస్సు ఉన్నా, వేల అడుగుల లోతు బావుల నుంచి నీళ్లు తోడుతున్నారు. ఇవన్నీ ఎందుకు చెప్పరని అడిగితే, అందరూ చేసేవే కదా అన్నారు యజమానులు. ఆయన అవే రాశాడు. అయిదో స్థానంలో ఉన్న కంపెనీ కొన్ని నెలల్లోనే మొదటి స్థానానికి పోటీకి వచ్చిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. సొంత డప్పు కాబట్టి కాస్త తగ్గించుకుని వినాలి, కానీ పద్ధతి మాత్రం సరైనదే.

ఇప్పుడు నీ సంగతి. కొనేవాళ్ల అసలు అనుమానం ఒక్కటే: మామూలు నూనె అంత చవగ్గా దొరుకుతుంటే దీనికి 380 రూపాయలు ఎందుకు? దానికి జవాబు నీ లెక్కల పుస్తకంలోనే ఉంది. పది కిలోల గింజలు ఆడిస్తే నాలుగు కిలోల నూనె దిగుతోందన్నావు. నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి అది 4.4 లీటర్ల దాకా వస్తుంది. అంటే లీటరుకు దాదాపు 2.3 కిలోల గింజలు. నువ్వు కొంటున్న 130 రూపాయల ధరకు గింజలకే 300 అయ్యాయి. ఆడించే కూలికి 60, సీసాకు 25 కలిపి, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే వచ్చే 50 తీసేస్తే 335. ఈ లెక్క చూసినవాళ్లు 200కి దొరికే 'గానుగ నూనె'ను ఇక నీ మాట అవసరం లేకుండానే అనుమానిస్తారు. పక్కవాళ్లను ఒక్క మాట అనకు.

వివరం పేరుతో ఏది పడితే అది ఎక్కించకు. మోటారు ఎన్ని గుర్రాల శక్తిదో వంటింటికి అక్కర్లేదు. 'తక్కువ వేడిలో తీసినది' అని రాయాలంటే ముందు థర్మామీటరు పెట్టి చూడు. చూడకపోతే ఆ మాట తీసెయ్. గింజలు కదిరి-6 రకమని రాస్తున్నావు, మంచిదే. కానీ సరుకు దొరక్క వేరే రకం ఆడించిన రోజున లేబులు కూడా మారాలి.

నేను కొట్టు నడిపిన రోజుల్లో ఒకావిడ డబ్బా వెనక్కి తెచ్చి, అడుగున ఏదో పేరుకుంది, బూరెలు వేయిస్తే నురగ పొంగింది, కల్తీ అంది. రిఫైన్ చేయని నూనెలో మడ్డి దిగడం, నురగ రావడం మామూలేనని అప్పుడు చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అమ్మేటప్పుడే చెప్పి ఉంటే అది రిఫైన్ చేయని నూనెకు గుర్తుగా ఉండేది, తర్వాత చెప్పేసరికి సంజాయిషీ అయింది. డబ్బులు వెనక్కి ఇచ్చాను.

అందుకని ఇలా రాసి చూశాను: "ఈ లీటరు నూనెకు సుమారు 2.3 కిలోల కదిరి-6 వేరుశనగ గింజలు పట్టాయి. ఆడించిన తేదీ: ____. నాలుగు రోజులు తేర్చి, బట్టలో వడకట్టాం. అడుగున పలుచగా మడ్డి ఉంటుంది, కదపకుండా వంచుకోండి. వేయించేటప్పుడు కొంచెం నురగ వస్తుంది, పెద్ద మూకుడు వాడండి."

చివరి మాట మీ అమ్మ చేర్పించింది. నాకు తోచలేదు.

కానీ వెంటనే అచ్చుకు ఇవ్వకు. కొత్త పంట గింజల్లో తేమ ఎక్కువ ఉంటే నూనె తక్కువ దిగుతుంది. రాబోయే మూడు వాయిలకు గింజలు, నూనె, చెక్క మూడూ తూచి అంకెలు నాకు పంపు. నాలుగు రోజులు తేరుస్తున్నది నిజమేనా, లేక ఆర్డర్లు ఎక్కువైతే రెండు రోజులకే నింపేస్తున్నారా, అదీ రాయి. రెండే అయితే రెండనే వేద్దాం.

మీ నాన్న